సామ్యేలు పేర సుగుణమణి రాసిన కాయితాలు

సామ్యేలు సంగతి చెప్పాలంటె ముందుగాల ఆయన నడుము సంగతి చెప్పాలె. పదకొండేండ్ల సంది గోదావరిఖనిల బొగ్గుబాయిల ఫిల్లరు పని. చెమ్మస్ పారతోని బొగ్గు తట్టకెత్తుడు, తట్ట నెత్తికెత్తుడు, పట్టాల మీది టబ్బుల గుమ్మరిచ్చుడు. షిఫ్టుకు ఎన్ని తట్టలో ఆయన లెక్క పెట్టుకోలేదు గని, నడుము పెట్టుకున్నది. పంతొమ్మిదివందల డెబ్బై ఒకటో సంవత్సరం వచ్చేసరికి పొద్దుగాల మంచంల నుంచి లేవాలంటె ముందు పక్కకు దొర్లి, ఒక కాలు కింద పెట్టి, సుగుణమణి భుజం పట్టుకుంటెనే లేస్తుండె. ఈ సంగతి ఇంట్ల ఆమెకు తప్ప ఇంకెవ్వలికి తెల్వదు. దవాఖానల తెలిస్తె పని పోతదని ఆయన భయం.

దీనికి ఒక్కటే దారి కనవడ్డది వాళ్లకు. మైనింగ్ సర్దార్ పరీక్ష. సర్దార్ అంటె తట్ట మోసేటోడు కాదు. చేతిల దీపం పట్టుకొని తన జిల్లా, అంటె బాయిల తనకు అప్పజెప్పిన భాగం, అంత తిరిగి, గ్యాసు ఉన్నదా, పైకప్పు గట్టిగున్నదా చూసి, మనుషులను పనిల పెట్టేటోడు. నడుసుడే గని మోసుడు లేదు. సామ్యేలు గ్యాసు సర్టిఫికెటు, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెటు ఎట్లనో సంపాదించిండు. ఇగ మిగిలింది ఆఫీసర్ల ముంగట కూసొని నోటితోని జవాబులు చెప్పే పరీక్ష. ఒకసారి పోయి తప్పిండు. ఇది రెండోసారి, ఈసారి తప్పితె ఇంకొక ఏడాది తట్ట మొయ్యాలె. ఆ నడుము ఇంకొక ఏడాది ఆగదని ఆ ఇంట్ల ఇద్దరికీ తెలుసు.

పరీక్షకు చదివిపిచ్చేది ఆమోసు కాక. సర్దార్ల మీద ఓవర్‌మన్‌గ చేసి రిటైరయిన మనిషి. పొద్దుమూకె ముందు తన ఇంటి వసారల చాప పరిచి ఆరుగురికి క్లాసు చెప్తుండె. కోపిష్ఠి. ఎవ్వడన్న ఆవులిచ్చిండంటె అయిపాయె వాని పని, "బాయిల గిట్లనే నోరు తెరుస్తవారా" అని దులిపేటోడు. రూల్సు అన్నిటిని తెలుగుల పన్నెండు పాఠాలు చేసి సైక్లోస్టైలు కొట్టిచ్చి అందరికి ఇచ్చిండు.

సెప్టెంబరు సగం దాటంగనె పాఠాలన్ని ఒక చుట్టు అయిపోయినయి. అప్పుడు కాక ఒక టైంటేబులు రాసిచ్చిండు. ఫస్టు రివిజను, ముప్పై ఆరు రోజులు. ఒక్కొక్క పాఠానికి మూడు రోజులు. మొదటి రోజు పాఠం సదువాలె. రెండో రోజు నోట్సు మూసి పక్కన పెట్టి, మతికి ఉన్నది ఉన్నట్టు ఒక్క కాయితం మీద, ఒక్క పక్కనే, పెన్సిలుతోని రాయాలె. మూడో రోజు నోట్సు తెరిచి, తప్పిపోయింది, మర్సిపోయింది ఎర్రసిరతోని అదే కాయితంల ఎక్కియ్యాలె. పన్నెండు పాఠాలకు పన్నెండు కాయితాలు. రెండో రివిజనుల ఇగ నోట్సు ముట్టుడు లేదు, ఆ కాయితాలే సూసుకోవాలె.

"ఎవ్వని కాయితం వాడే రాయాలె" అని కాక గట్టిగ చెప్పిండు. "అందంగ ఉండకపోయినా ఫరవాలేదు, కోడి గీకినట్టున్నా ఫరవాలేదు. నీ చేత్తోని నువ్వు రాయాలె, అంతే."

అందరు తలకాయలు ఊపిండ్రు. సామ్యేలు అందరికంటె ఎక్కువ ఊపిండు.

మొదటి పాఠం కాయితం రోజు సామ్యేలు మూడు గంటలకు షిఫ్టు దిగి, తానం చేసి, బువ్వ తిని, పెన్సిలు పట్టుకొని గోడకు ఆనుకొని కూసున్నడు. సుగుణమణి బియ్యం చెరుగుకుంట సూస్తున్నది. అరగంటకు మూడు లైన్లు రాసిండు. నాలుగో లైనుకు నడుము పట్టుకున్నది. పక్కకు ఒరిగిండు. అటు తిరిగిండు, ఇటు తిరిగిండు. బొగ్గు మోసిన వేళ్లకు పెన్సిలు నిలుస్తలేదు. ఆఖరుకు బోర్ల పండుకొని రాయబోయి, అట్లనే నిద్ర పోయిండు.

సుగుణమణి మిషను బడిల ఎనిమిదో తరగతి దాక సదివింది, చేతిరాత ముత్యాల లెక్క ఉండేది. సర్చిల పాటలు పుస్తకాలల్ల ఎక్కిచ్చుడు ఆమె పనే. లేపి అడిగింది, "నువ్వు చెప్పు, నేను రాస్త" అని. సామ్యేలు కళ్లు మూసుకొనే నాలుగు మాటలు చెప్పిండు, ఆమె రాసింది. అక్కడికి అది తప్పు గాదు. ఆయన తలల నుంచి వచ్చిందే కదా కాయితం మీద పడ్డది.

రెండో పాఠానికి ఆయన చెప్పుడు గూడ మానిండు. "నువ్వే సదివి రాయరాదే, నేను తర్వాత సదువుకుంట" అన్నడు. పాపం, అది సోమరితనం గాదు. ఆ నడుము నొప్పి ఎట్లుంటదో ఆమెకు తెలుసు, రోజు ఆమెనే కదా లేపేది. సరే అన్నది. ప్రేమ ఉన్నోళ్లు చేసే తప్పులు గిట్లనే ఉంటయి, అడ్డు చెప్పాలన్న ఆలోచనే రాదు.

ఇగ అప్పటి నుంచి పొద్దుగాల ఆరింటికి ఆయన డ్యూటీకి పోంగనె, పిల్లలిద్దరు బడికి పోంగనె, సుగుణమణి గడప కాడ వెలుతురుల కూసునేది. కాక టైంటేబులు ఎట్లున్నదో గట్లనే చేసేది. ఒక రోజు సదువుడు. మర్నాడు నోట్సు మూసి, దాని మీద చెంబు పెట్టి, కాయితం మీద రాసుడు. మూడో రోజు తెరిచి చూసి ఎర్రసిర పెట్టుడు. మొదట్ల కాయితం సగం ఎర్రగ అయితుండె. "అయ్యో, నా మతి మన్నుగాను" అని తనను తనే తిట్టుకునేది. ఆరో పాఠానికి వచ్చేసరికి ఎర్రసిర నాలుగైదు చోట్లకు వచ్చింది. ఎనిమిదో పాఠంల రెండే చోట్ల.

అర్థం కానిది మొగణ్ని అడిగేది. "ఏమయ్యా, బ్రాటిస్ గుడ్డ అంటె ఏంది?" సామ్యేలు బువ్వ తినుకుంట చేతులు తిప్పి చెప్తుండె, "బొగ్గు కొట్టే ఫేసు దాక గాలి పోదు కదనే, నడుమ గుడ్డ కడతరు. గాలి గుడ్డ పక్కపొంటి పోయి, ఫేసును ముట్టి, ఇటుపక్క నుంచి ఎనుకకు తిరిగొస్తది." ఎంత మంచిగ చెప్పేటోడో! ఆయనకు అంత తెలుసు. పదకొండేండ్లు కళ్లతోని చూసింది ఆయన తలల ఉన్నది. కాయితం మీద ఉన్నది మాత్రం ఆమె తలల నుంచి వచ్చింది. ఈ రెండింటికి నడుమ ఎంత దూరముందో అప్పుడు ఇద్దరికి తెల్వలేదు.

ఆదివారం ప్రార్థన అయినంక కాక అందరి కాయితాలు చూసేటోడు. సామ్యేలు కాయితాలు చూసి కాక కండ్లద్దాలు తీసి తుడిచి మళ్ల పెట్టుకున్నడు. "ఇది నీ చేతిరాతేనా?" అన్నడు. సామ్యేలు భయపడి, "చిత్తు నేనే రాసిన కాకా, మా ఇంటామె సాపు చేసింది" అన్నడు. వాకిట్ల నిలవడ్డ సుగుణమణి ఆ అబద్ధం విన్నది, నేల చూపులు చూసింది. కాక నమ్మిండు, మెచ్చుకున్నడు గూడ. నమ్మకుండ ఉండడానికి ఏమున్నది, పెన్సిలు, ఎర్రసిర అన్ని చెప్పినట్టే ఉన్నయి.

ఆ క్లాసులనే పోశం అని ఒకడుండె, మందమర్రి అవతల ఊరోడు, రాత్రిబడిల అక్షరాలు నేర్సుకున్నోడు. వాని కాయితం చూస్తె నవ్వాలో ఏడ్వాలో తెల్వదు. పెన్సిలు మరకలు, వేలిముద్రలు, ఒత్తులు లేని అక్షరాలు. దాని మీద ఎర్రసిర ఎంతున్నదంటె కింది పెన్సిలు కనవడేది కాదు. సుగుణమణి పకపక నవ్వింది. "ఏం పోశం, కాయితం మీద కోడిని కోసినవా?" అన్నది. "నవ్వు వదినె నవ్వు. ఎర్రగున్నదంత నాకు రానిదే. గిది జూస్తె నాకు రానిదేందో నాకు తెలుస్తది" అని వాడు సిగ్గుపడుకుంట కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు.

అక్టోబరు ఆఖరుకు రెండో రివిజను మొదలయింది. నోట్సు కట్టి అటక మీద పెట్టిండ్రు. సామ్యేలు బోర్ల పండుకొని కాయితాలు ముంగటేసుకొని పైకి సదువుతున్నడు. సుగుణమణి పొయ్యి కాడ వింటున్నది.

"గ్యాసు. ఒకటింపావు. మనుషులు. కరెంటు. కంచె." అని సదివిండు. తర్వాత కింద, బొగ్గును పేల్చేటందుకు బొక్కల పెట్టే మందుతూటా కాడికి పోయి, "పేలని తూటా. ఒక అడుగు. పక్కపొంటి" అన్నడు.

సుగుణమణి చేతిల గరిటె ఆగింది. ఆ మాటలు తనే రాసుకున్నది. తనకైతె "ఒకటింపావు" అనంగనె పాఠమంత కండ్ల ముంగటికి వస్తది. నూటికి ఒకటింపావు వంతు మండే గ్యాసు ఉన్నదంటె ఆ జాగల నుంచి మనుషులందరిని బయటికి తీయాలె, కరెంటు బందు చెయ్యాలె, ఎవ్వలు లోపలికి పోకుండ దారి అడ్డం కంచె కట్టాలె, గ్యాసు తగ్గిందని చూసేదాక పని పెట్టొద్దు. ఒక్కొక్క మాట ఎనుక అంత ఉన్నది. మరి ఆయనకు?

"అడుగు అంటె ఏందయ్యా? దేనికి అడుగు?" అన్నది.

"ఏముంది, అడుగు. పేలని తూటాకు ఒక అడుగు" అన్నడు.

"అడుగు దూరంల ఏం చెయ్యాలె?"

సామ్యేలు కాయితం దిక్కు చూసిండు. అండ్ల లేదు. "నువ్వే కదా రాసినవు, నన్నడుగుతవేందే?" అని కసురుకున్నడు.

కాయితం ఎవ్వలు రాస్తరో వాళ్లకే అది మాట్లాడుతదని అప్పుడు తెలిసింది సుగుణమణికి. రాసేటప్పుడు ఏది ఇడిసిపెట్టాల్నో ఆమె తేల్చుకున్నది, ఎందుకంటె ఇడిసిపెట్టింది ఆమె తలల ఉన్నది. ఆయన ముంగట ఉన్నది ఉత్త మాటలే. "మల్ల ఒకసారి నువ్వే రాయయ్యా, నీ కాళ్లు మొక్కుత" అని బతిమిలాడింది. "యాడున్నది టైము? కాక టైంటేబులు ముంగటికి పోతున్నది, నేను ఎనుకకు పోవాల్నా?" అని అటు తిరిగి పండుకున్నడు. కోపం ఆమె మీద గాదు. భయం.

మర్నాడు పొద్దుగాల సుగుణమణి ఆమోసు కాక ఇంటికి పోయి ఉన్నదంత చెప్పింది. చిత్తు లేదు, సాపు లేదు, పన్నెండు కాయితాలు తనే రాసిన అన్నది. కాక ముందు లేచి నిలవడ్డడు, కొడతడో ఏమో అనుకున్నది. మళ్ల కూసున్నడు.

"పైకప్పు బాగలేని జాగ కనవడ్డది. సర్దార్‌వు నువ్వే. ఏం చేస్తవు?" అని అడిగిండు.

చెప్పింది. మనుషులను తీసుడు, దారి మొత్తం అడ్డంగ కంచె కట్టుడు, సరి చేసేటోళ్లను తప్ప ఎవ్వలను పోనియ్యకపోవుడు, తర్వాత తనే మళ్ల చూసుడు, పుస్తకంల రాసి సంతకం పెట్టుడు.

"షిఫ్టుకు ముందు తనిఖీ?"

"పని మొదలయ్యే ముందు రెండు గంటల లోపల కాకా. ఎప్పుడో పొద్దుగాల చూసిన అంటె నడువదు."

ఇంకొకటి అడిగిండు. అదీ చెప్పింది. ఇంకొకటి. "నా క్లాసుల అందరికన్న నీకే బాగొచ్చిందే బిడ్డా" అన్నడు.

"మరి నేను..." అన్నది సుగుణమణి. ఎందుకన్నదో ఆమెకే తెల్వదు. ఆ ఒక్క గడియ ఆమెకు నిజంగనే అనిపిచ్చింది, నడుము మంచిగున్నది, కాళ్లు మంచిగున్నయి, దీపం పట్టుకొని తిరిగేటందుకు ఏం తక్కువ అని.

"ఆడోళ్లను బాయి లోపల పనికి పెట్టుకోవద్దని చట్టమే ఉన్నది" అన్నడు కాక. "నీకు అది గూడ తెలుసు. మొదటి పాఠంల రాసినవు."

రాసింది. మంచిగనే రాసింది.

"ఇంక నెలన్నర గూడ లేదు" అన్నడు కాక. "ఇప్పుడు మల్ల మొదటి నుంచి అంటె వాడు భయపడి ఉన్నది గూడ మర్సిపోతడు. నువ్వు కాయితం పక్కన పెట్టిపిచ్చి, బాయిల ఏం చూసినవో చెప్పుమని అడుగు. వానికి తెల్వనిదేం లేదు. కాయితమే వానికి అడ్డం వచ్చింది."

ఆమె అడిగింది, రోజూ అడిగింది. సామ్యేలు మాత్రం కాయితం ఇడిసిపెట్టలేదు. అంత ముద్దుగ ఉన్న కాయితం, కాక మెచ్చుకున్న కాయితం. దాన్ని పట్టుకుంటె ఆయనకు ధైర్యం. డిసెంబరు వచ్చేసరికి పన్నెండు కాయితాలు వరుసగ, ఒక్క మాట పొల్లు పోకుండ అప్పజెప్తుండె.

పరీక్షకు సామ్యేలు, పోశం కలిసే రైలెక్కిండ్రు. మూడో రోజు తిరిగొచ్చిండ్రు. సామ్యేలు అంగీ ఇడ్వకుండనే గోడకు ఆనుకొని కూసున్నడు. సుగుణమణి నీళ్లిచ్చింది. ముట్టలేదు.

"ఏమడిగిండ్రు?"

"తూటా పేలలేదు, ఏం చేస్తవు అన్నడు." అని చెప్పిండు సామ్యేలు. "నాకు కండ్ల ముంగట నీ కాయితమే కనవడ్డదే. ఒక అడుగు, పక్కపొంటి. గదే. తూటాకు ఒక అడుగు దూరంల పక్కకు నిలవడాలె సారు అన్న."

సుగుణమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. అడుగు దూరం మనిషికి గాదు. పేలని తూటా ఉన్న బొక్కకు కనీసం ఒక అడుగు ఎడంగ, దానికి సమానంగ పక్కపొంటి ఇంకొక బొక్క కొట్టాలె. గదీ రూలు.

"ఆఫీసర్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. ఒకాయన నవ్విండు. పదకొండేండ్లు చేసినవు, పేలని తూటా కాడికి ఎప్పుడన్న అట్ల పోయి నిలవడ్డవా అన్నడు. లేదు సారు అన్న. మరి అన్నడు. నాకేం మాట రాలేదు." సామ్యేలు ఏడ్చిండు. చిన్న పోరడు ఏడ్చినట్టు ఏడ్చిండు. "ఎన్నిసార్లు చూసిన్నో! తూటాలు పేల్చే షాట్‌ఫైరరు మమ్ములను దూరం కొట్టేటోడు, దారి అడ్డం పెట్టేటోడు, పక్కన కొత్త బొక్క కొట్టిపిచ్చేటోడు. నాకు తెల్వదానే? నాకు తెల్వదా?"

తెలుసు. అది తెలుసు కాబట్టే సుగుణమణికి ఇంక బాధ. ఆ కాయితాలే లేకుంటె ఆయన చూసింది చూసినట్టు చెప్పేటోడు.

పోశం పాసయిండు. వాణ్ని గూడ అదే అడిగిండ్రట. నత్తుకుంట నత్తుకుంట, తను ఎక్కడ తప్పు రాసిండో, ఎర్రసిరతోని ఏం దిద్దుకున్నడో అదే చెప్పిండట. ఫిబ్రవరి నుంచి సామ్యేలు పనిచేసే జిల్లాకే సర్దార్‌గ వచ్చిండు. మంచోడు, "అన్నా, నువ్వు మెల్లగ ఎత్తు, నేను చూసుకుంట" అనేటోడు. గని బొగ్గు ఎవ్వలో ఒకలు ఎత్తాలె కదా. పోశం ముంగట తట్ట దించుకొని నిలవడుడు సామ్యేలుకు చిన్నతనమనిపిచ్చింది. అందుకే అందరికన్న ఎక్కువ ఎత్తిండు.

ఏప్రిల్ల ఒకనాడు తట్ట నెత్తికెత్తుకుంట అట్లనే కూలవడ్డడు. ఈసారి దాచుడు కుదరలేదు, స్ట్రెచరు మీద బయటికి తెచ్చిండ్రు. దవాఖానల రెండు నెలలు పెట్టుకున్నరు. డాక్టర్లు ముగ్గురు కూసొని చూసి, బాయి లోపలి పనికి పనికిరాడని రాసిండ్రు. సుగుణమణి ఆ కాయితం చేతిల పట్టుకొని ఆమోసు కాక కాడికి ఉరికింది. "పరీక్షకైతె పోవచ్చు కదా కాకా? సర్దార్‌కు మోసుడు లేదు కదా?"

"పరీక్ష దరఖాస్తుకు డాక్టరు మంచిగున్నడని రాసియ్యాలె బిడ్డా" అన్నడు కాక. "గది లేకుంటె కూసోనియ్యరు."

ఇంటికొచ్చి మొగనికి చెప్పింది. ఆయన మంచంల ఎల్లకిల పండుకొని ఇంటి పైకప్పు దిక్కు చూస్తున్నడు. విన్నడు. "సుగుణా, అడుగే" అన్నడు.

"ఏం అడగాలె?"

"పరీక్ష. ఆఫీసరు అడిగినట్టు అడుగు."

వద్దన్నది. పనిలేని ముచ్చట ఎందుకయ్యా అన్నది. ఊకోలేదు. ఆఖరుకు మంచం పక్కన పీట వేసుకొని కూసొని అడిగింది, గ్యాసు కనవడితె ఏం చేస్తవని. సామ్యేలు చెప్పిండు. ఫలాన జాగల, ఫలాన రోజు దీపం మంట తగ్గిచ్చి చూస్తె మంట మీద గ్యాసుకు నీలం వెలుగు టోపి లెక్క ఎట్ల లేసిందో, మనుషులను ఎట్ల తీసిండ్రో, కంచె ఎక్కడ కట్టిండ్రో, మళ్ల ఎప్పుడు పని పెట్టిండ్రో అంత చెప్పిండు. పైకప్పు అడిగింది. చెప్పిండు. తూటా అడిగింది. ఆయన తడబడలేదు. కొత్త బొక్క ఎంత ఎడంగ కొట్టాల్నో, ఎందుకు కొట్టాల్నో, పాత బొక్కను ఎందుకు కెలుకొద్దో పూసగుచ్చినట్టు చెప్పిండు. పన్నెండు పాఠాలు అయినయి. ఒక్కటి తప్పలేదు.

"పాసేనా?" అన్నడు సామ్యేలు.

"పాసే అయ్యా, పాసే" అన్నది సుగుణమణి ఏడ్చుకుంట.